మరిగే గీత

మా వీధి చివర టీ కొట్టు బాబాయ్ మగ్గు నెత్తి మీదికెత్తి, కింద నడుము దగ్గర పట్టుకున్న గ్లాసులోకి టీ వంచుతుంటే చూడటానికి భలేగా ఉంటుంది. చుక్క కింద పడదు. ఒకరోజు పొద్దున్నే ఎదురు గోడ మీద రెండు ఇటుకల మధ్య ఫోన్ నిలబెట్టి, "బాబాయ్, ఒక్కసారి తిరగబొయ్యవా, నీ బొమ్మ గీసుకుంటాను" అన్నాను. "బొమ్మకి వీడియో ఎందుకురా, ఫోటో చాలదూ?" అన్నాడు. ఆ బొమ్మ కదలాలి బాబాయ్ అని చెప్పాను. ఆయనకు అంతగా నమ్మకం కుదిరినట్టు లేదు గానీ, పోశాడు.

నాకు దొరికింది నాలుగు సెకన్లు. మగ్గు పైకి లేచింది, టీ వంపు తిరిగి కిందికి దిగింది, చెయ్యి దిగింది, చివరి సెకనులో బాబాయ్ కెమెరా వంక చూసి మీసాల్లో నవ్వాడు. ఈ నాలుగు సెకన్లను ఒక్కో బొమ్మగా విడదీసి, ఒక్కోదాని మీదా మళ్లీ చేత్తో గీసుకుంటూ పోతే వచ్చేదే రోటోస్కోపింగ్. మనిషి కదలిక మనిషిదే, గీత మాత్రం మనది.

హైదరాబాద్‌లో సినిమా గ్రాఫిక్స్ పని చేసేవాళ్లెవరైనా మీకు తెలిస్తే ఈ మాట ఇంకో అర్థంలో విని ఉంటారు. అక్కడ 'రోటో' అంటే హీరో చుట్టూ అంచు గీసి, వెనకున్న దృశ్యం నుంచి అతన్ని విడదీయడం. ఆ అంచు తెర మీద ఎవరికీ కనపడదు, కనపడితే పని చెడిందన్నమాట. నేను చెప్పబోయే రోటోలో గీత కనపడటమే పని. రెండూ ఒకే తల్లి బిడ్డలు.

ఆ తల్లి వయసు వందేళ్లు దాటింది. అమెరికాలో మాక్స్ ఫ్లైషర్ అనే ఆయన దీనికి 1915లో పేటెంట్ కోసం దరఖాస్తు పెట్టుకుంటే 1917లో వచ్చింది. తమ్ముడు డేవ్‌కి జోకర్ బట్టలు తొడిగించి సినిమా తీసి, ఆ రీలును ఒక్కో ఫ్రేమూ అద్దం మీదికి వేసి, దాని మీద కాగితం పెట్టి గీశాడు. కోకో అనే జోకర్ అలా పుట్టాడు. 1932లో ఆయన స్టూడియో తీసిన 'మినీ ది మూచర్' కార్టూన్‌లో ఒక వాల్రస్ దయ్యం నాట్యమాడుతుంది. ఆ అడుగులు క్యాబ్ క్యాలోవే అనే గాయకుడివి. దయ్యంలో ఎముకలున్నట్టే ఉండవు, అయినా ఆ నడక మాత్రం ఒక మనిషిదేనని చూడగానే తెలిసిపోతుంది.

మన తరానికి ఎక్కువగా తెలిసింది 1985లో వచ్చిన 'టేక్ ఆన్ మి' పాట. నార్వే బృందం ఎ-హా పాడింది, స్టీవ్ బారన్ దర్శకుడు. మైకేల్ ప్యాటర్సన్, క్యాండస్ రెకింగర్ అనే ఇద్దరు సుమారు 3000 ఫ్రేములు పెన్సిల్‌తో గీశారు, 16 వారాలు పట్టింది. ఆ పాటలో అబ్బాయి కామిక్ పుస్తకంలోంచి చెయ్యి బయటికి చాచే చోట ఆపి చూడండి. ఆపితే మామూలు పెన్సిల్ బొమ్మ. వదిలితే ఆ గీతలు సన్నగా సలసలమంటాయి. యానిమేషన్ వాళ్లు దాన్ని 'బాయిల్' అంటారు, అంటే గీత మరగడం. టీ కొట్టు ముందు నిలబడి ఈ మాట చెప్తే ఇంకా బాగా అర్థమవుతుంది. పొయ్యి మీద గిన్నె కదలదు, గిన్నెలో డికాక్షన్ మాత్రం ఒక్క క్షణం ఒక్కలా ఉండదు.

మరుగు ఎందుకొస్తుందంటే, ఏ చెయ్యీ ఒకే గీతను రెండుసార్లు గీయలేదు కాబట్టి. ఒకే ముక్కును పన్నెండుసార్లు గీస్తే పన్నెండు ముక్కులూ అరవెంట్రుక వాసి తేడాతో వస్తాయి. వాటిని ఒక సెకనులో వరసగా చూపిస్తే కన్ను ఆ తేడాలను కలిపి కదలికగా చదువుకుంటుంది. ఈ కదలికను దాచాలని చూసినవాళ్లున్నారు, దాన్నే అందంగా చేసుకున్నవాళ్లూ ఉన్నారు. బ్రిటన్‌లో బాబ్ గాడ్‌ఫ్రే 1974లో తీసిన 'రూబార్బ్' మార్కర్ పెన్నుల వణుకుతోనే పేరు తెచ్చుకుంది. దాచడం కంటే మచ్చిక చేసుకోవడమే మేలని నా అభిప్రాయం.

మచ్చిక చేసుకోవాలంటే ముందు ఒక తేడా పట్టుకోవాలి. గీత మరగవచ్చు, వస్తువు మరగకూడదు. బాబాయ్ చెంప గీత కొంచెం అటూ ఇటూ ఊగితే అది చేతివాటం. బాబాయ్ కన్ను అటూ ఇటూ జరిగితే ఆయనకేదో జబ్బు చేసినట్టుంటుంది. చూసేవాళ్లు "గీతలు బలే కదులుతున్నాయి" అన్నారంటే మొదటి రకం, "ఎందుకో తల తిరుగుతోంది" అన్నారంటే రెండో రకం. మొదటిసారి గీసినప్పుడు నాకొచ్చింది ఈ రెండో మాటే.

అప్పుడు నేనేం తప్పు చేశానో చెప్తాను. నాలుగు సెకన్ల వీడియోను సెకనుకు 12 చొప్పున విడదీస్తే 48 బొమ్మలు. ఒకటో నంబరు నుంచి మొదలుపెట్టి వరసగా గీసుకుంటూ పోయాను. మధ్యాహ్నం 24 దగ్గర లేచి భోంచేసి వచ్చి 25 మొదలుపెట్టాను. రాత్రి ఆడించి చూస్తే సరిగ్గా రెండో సెకను తర్వాత బాబాయ్ ఒక్కసారిగా లావెక్కాడు. అన్నం తిన్నది నేను, లావెక్కింది ఆయన. భోజనానికి ముందు తెరను రెట్టింపు చేసుకుని గీశాను, తర్వాత మామూలు సైజులో గీశాను, అందుకని గీత మందం మారింది, చేతి వేగమూ మారింది. అదొకటి. రెండోది, కొన్నిచోట్ల బద్ధకించి వీడియో చూడకుండా కిందటి బొమ్మనే చూసి గీశాను. కాపీకి కాపీ తీస్తే ఏమవుతుందో అదే అయింది. ఒక్కో బొమ్మకూ అరపిక్సెల్ చొప్పున ముక్కు కిందికి జారి, ఇరవై బొమ్మలయ్యేసరికి మీసాలను తాకింది.

అలాగని ప్రతి బొమ్మనూ వీడియో మాత్రమే చూసి గీస్తే జారదు, కానీ మరుగు ఎక్కువైపోతుంది. ఒక్కోసారి ఒక్కో అంచు కంటికి ఆనుతుంది మరి. అందుకని రెండోసారి వరస మార్చాను. ముందు 1, 7, 13, 19, 25, 31, 36 నంబర్ల బొమ్మలు వీడియో మీద శ్రద్ధగా గీశాను. తర్వాత వాటి మధ్యలో 4, 10, 16 అలా. చివరికి మిగిలినవి. మిగిలినవి గీసేటప్పుడు అడుగున వీడియో, పైన ముందు బొమ్మా వెనక బొమ్మా పల్చగా కనపడేలా పెట్టుకున్నాను. దీన్ని ఆనియన్ స్కిన్ అంటారు, ఉల్లిపొర లాంటిదే. క్రిటా లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కూడా ఈ సౌకర్యం ఉంది. ఇలా చేస్తే పొద్దుటి చేయీ సాయంత్రం చేయీ నాలుగు సెకన్ల పొడవునా కలిసిపోతాయి, అతుకు ఒకచోట తేలదు. బొమ్మ జారబోతే రెండు పక్కలా ఉన్న కీ బొమ్మలు పట్టుకుంటాయి.

36తో ఆపేశానేమని మీరు అడగొచ్చు. చివరి సెకనులో ఆయన నిలబడి నవ్వుతున్నాడు, ఆ సంగతి తర్వాత చెప్తాను.

గీయడానికి ముందు మూడు పనులున్నాయి. వీడియో తీసేటప్పుడే ఒకటి తేలాలి, సెకనుకు ఎన్ని ఫ్రేములని. ఫోన్లు సాధారణంగా 30 తీస్తాయి. 30 నుంచి 12 తీసుకోవాలంటే ఒకసారి రెండు ఫ్రేములు, ఒకసారి మూడు ఫ్రేములు దాటాల్సి వస్తుంది. చెయ్యి ఒకే వేగంతో లేస్తున్నా బొమ్మలో కుంటినడక పడుతుంది, దాన్ని మనం గీత తప్పనుకుని గీత దిద్దుకుంటూ కూర్చుంటాం. 24లో తీస్తే రెండింటికొకటి చొప్పున సరిగ్గా కుదురుతుంది. ఫోన్‌లో 24 లేకపోతే 30లోనే తీసి, సెకనుకు 10 గానీ 15 గానీ గీయండి.

రెండో పని గీతల పట్టిక. నా దృష్టిలో మరుగు మంచీ చెడూ సగం తేలేది ఇక్కడే. వీడియోలో ఉన్నదంతా గీయలేం, గీయకూడదు కూడా. ఏది గీస్తామో ముందే లెక్క రాసుకోవాలి. బాబాయ్‌కి నేను 31 గీతలు ఖాయం చేశాను. ముఖానికి పన్నెండు, చేతులకు ఎనిమిది, చొక్కాకు ఏడు, మగ్గుకూ గ్లాసుకూ కలిపి నాలుగు. ఆ 31 గీతలే ప్రతి బొమ్మలోనూ ఉండాలి. చెయ్యి అడ్డొచ్చి కప్పేస్తే తప్ప ఏ గీతా మాయం కాకూడదు, కొత్త గీత పుట్టకూడదు. గీత ఊగితే కన్ను ఓర్చుకుంటుంది. ఒక బొమ్మలో ఉండి, తర్వాతి దాంట్లో లేకుండా పోయి, మళ్లీ ప్రత్యక్షమైతే మాత్రం మిణుకుమిణుకుమని చిరాకెత్తిస్తుంది.

చొక్కా ముడతలు దీనికి పెద్ద పరీక్ష. చెయ్యి లేస్తుంటే వీడియోలో చంక దగ్గర పది ముడతలు పుట్టి చస్తాయి. కనిపించినవన్నీ గీసుకుంటూ పోతే చొక్కాలో ఎలుకలు దూరినట్టుంటుంది. నేను మూడే ఉంచాను, చంక నుంచి ఒకటి, మోచేతి దగ్గర ఒకటి, పొట్ట మీద ఒకటి. చంక ముడత చెయ్యి లేచినప్పుడు పెరగాలి కాబట్టి, మూడు బొమ్మల మీదుగా ఒక కొస నుంచి సాగదీశాను. దిగేటప్పుడు అదే కొస నుంచి తగ్గించాను.

మూడో పని ఎర్ర చుక్కలు. మనిషిలో కొన్ని చోట్లను కన్ను మేకులా పట్టుకుని చూస్తుంది. కంటి పాపలు రెండు, ముక్కు మొదలు, నోటి కొసలు రెండు, రెండు మణికట్లు, మగ్గు పెదవి, గ్లాసు అంచు, మొత్తం తొమ్మిది. ఏ గీతా గీయకముందే ఒక వేరే పొర మీద ఈ తొమ్మిదింటికీ ప్రతి ఫ్రేములోనూ ఎర్ర చుక్క పెట్టుకుంటూ పోయాను. తర్వాత వీడియో దాచేసి ఉత్త చుక్కలనే ఆడించాను. తొమ్మిది చుక్కలే అయినా బాబాయ్ టీ పోస్తున్నట్టు తెలిసిపోతుంది. ఏదైనా చుక్క దడదడలాడితే అక్కడే సరిచేసుకోవచ్చు. ముగ్గు వేసేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు, చుక్కలు సరిగ్గా పడితే గీత కాస్త వంకర పోయినా ముగ్గు ముగ్గులాగే ఉంటుంది. గీసేటప్పుడు ఈ చుక్కలున్న చోట గీత ఒక పిక్సెల్‌కి మించి తప్పకూడదు. చుక్కకీ చుక్కకీ మధ్య మాత్రం చేతిని వదిలేయొచ్చు.

ఎంతవరకు వదలొచ్చన్నదానికి నాకు పనికొచ్చిన కొలత గీత మందమే. 1920 పిక్సెళ్ల వెడల్పున్న బొమ్మ మీద నా గీత 5 పిక్సెళ్లు. పక్కపక్క బొమ్మల్లో ఒకే గీత సగం మందం నుంచి ఒక మందం దాకా, అంటే మూడు నుంచి ఐదు పిక్సెళ్లు జరిగితే అందంగా మరుగుతుంది. అంతకు మించితే రెండు గీతలున్నట్టు కనిపిస్తుంది, మరీ తక్కువైతే వీడియో చెడిపోయిందేమోనన్న అనుమానం వస్తుంది. దూరంగా చిన్నగా ఉన్న మనిషిని గీసేటప్పుడు గీతా సన్నబడాలి, దాంతోపాటు మరుగూ తగ్గాలి. బ్రష్ సైజు, తెర ఎంత పెద్దది చేసి గీస్తున్నామన్నది, చేతి వణుకు తగ్గించే సెట్టింగు, ఈ మూడూ ఒక చీటీ మీద రాసి తెరకు అంటించుకోండి. నా చీటీ నెల్లాళ్లు అలాగే ఉంది.

ఇక చెయ్యి. వేగంగా లేస్తున్న మగ్గు వీడియోలో అలికినట్టు మసగ్గా ఉంటుంది. ఆ మసకకు ముందంచు, వెనకంచు, నడుమ అని మూడు చోట్లుంటాయి. ఒక బొమ్మలో ముందంచూ, ఇంకోదాంట్లో వెనకంచూ పట్టుకుంటే బాబాయ్ చెయ్యి వణుకుడు రోగం పట్టినట్టు ఆడుతుంది. ఏదో ఒకటి ఎంచుకుని దానికే కట్టుబడాలి. నేను నడుమనే పట్టుకున్నాను.

టీ ధారను అసలు వీడియో మీద గీయనేలేదు. అక్కడున్నది గోధుమరంగు మసక, గీయడానికి అంచే లేదు. ఆ ధార పై కొస మగ్గు పెదవి చుక్క దగ్గరా, కింది కొస గ్లాసు చుక్క దగ్గరా కట్టేసి, మధ్యలో రెండు గీతల రిబ్బన్ వేశాను. మొదట దాన్నీ మిగతా గీతల్లాగే ఇష్టమొచ్చినట్టు మరగనిచ్చాను. అప్పుడది పడే టీలా లేదు, మగ్గుకు వేలాడుతున్న తాడులా ఉంది. పడే దానికి దిశ ఉంటుంది కదా. రిబ్బన్‌లో ఒక ఉబ్బు పెట్టి, ప్రతి బొమ్మలోనూ దాన్ని కిందికి జరుపుకుంటూ వచ్చాను, గ్లాసు దాకా చేరేసరికి పైన ఇంకో ఉబ్బు మొదలు. అప్పుడు టీ పడింది. నీళ్లు, పొగ, మంట, గాలికి ఎగిరే చీర కొంగు, వీటన్నిటికీ ఇదే పద్ధతి.

ఇప్పుడు ఆ చివరి సెకను. బాబాయ్ నిలబడి నవ్వుతున్నాడు. ఒకే బొమ్మను సెకను పాటు నిలిపేస్తే అప్పటిదాకా మరిగిన గీత టక్కున గడ్డకడుతుంది, మనిషి ప్రాణం పోయినట్టుంటుంది. అలాగని పన్నెండు ఫ్రేములూ వీడియో మీద గీస్తే, ఆయన తల కనీకనపడకుండా ఊగిన ఊపంతా మరుగుతో కలిసి కంగాళీ అవుతుంది. దీనికి పాత మందు ఉంది. ఒక మంచి బొమ్మ తీసుకుని, దాని మీదే నాలుగుసార్లు మళ్లీ గీసి, ఆ నాలుగింటినీ తిప్పి తిప్పి చూపించడం. రెండే గీస్తే ట్యూబ్‌లైట్ కొట్టుకున్నట్టు కొట్టుకుంటుంది. మూడైతే ఫర్వాలేదు గానీ, కాసేపటికి కన్ను ఆ తాళం పట్టేస్తుంది. నాలుగు గీసి వరస కలపాలి. నేను పెట్టిన వరస 1, 3, 2, 4, 1, 2, 3, 4, 2, 1, 3, 4. ఏదీ వెంటనే తిరిగి రాదు, ఒకటి వదిలి ఒకటిగానూ రాదు, నాలుగూ తలా మూడుసార్లు వస్తాయి. ఇక్కడ మరుగును సగానికి తగ్గించాను, ఎందుకంటే వేరే కదలికేమీ లేనప్పుడు కన్నంతా గీత మీదే ఉంటుంది. నవ్వు కోసం మీసాల కొసలొక్కటే రెండు పిక్సెళ్లు పైకి లేపాను. మొత్తం మీద 36, 4 కలిపి 40 బొమ్మలయ్యాయి.

రంగుల విషయంలో నాది మొండి అభిప్రాయం. గీత మరిగితే రంగు కదలకూడదు, ముఖ్యంగా నీడ అంచు. ముఖం మీద నీడను వీడియో చూసి గీస్తే అది ప్రతి బొమ్మలోనూ కొత్త దేశపటంలా మారుతుంటుంది. నేను నీడను నాలుగు బొమ్మలకొకసారే మార్చాను. వెనక ఉన్న కొట్టు, సీసాలు, బోర్డు పూర్తిగా గడ్డకట్టి ఉంటే బాబాయ్ దాని మీద అంటించినట్టు ఉంటాడు. అందుకని కొట్టుకూ మూడు బొమ్మలు గీసి, సన్నటి గీతతో, సెకనుకు నాలుగుసార్లు మాత్రమే మారేలా పెట్టాను.

పని సరిగ్గా వచ్చిందో లేదో తెలుసుకోవడానికి నేను చేసేది ఇంతే. తెర మీద ముక్కు ఉన్న చోట వేలి గోరు పెట్టి, నిలబడిన చివరి సెకనును ఆడిస్తాను. ముక్కు గోరు దాటి పోతే మరుగు గీతలో కాదు, మనిషిలో ఉంది. తర్వాత బొమ్మను అద్దంలోలా తిప్పి చూస్తాను, కంటికి అలవాటైపోయిన తప్పులు అప్పుడు బయటపడతాయి. చివరగా ఫోన్‌కి పంపుకుని చూస్తాను. వాట్సాప్ వీడియోను కుదించేటప్పుడు ప్రతి ఫ్రేములోనూ మారే సన్నటి గీతలు ముందు బలవుతాయి. మరీ సన్నగా మరిగించిన గీత అక్కడ పేలాల పిండి అవుతుంది. కొంచెం మందం గీత, కొంచెం తక్కువ మరుగు అక్కడ బతుకుతాయి.

ఇదంతా కంప్యూటరే చేయదా అంటే, చేస్తుంది. బ్లెండర్‌లో గీసిన గీతకు నాయిజ్ అనే సదుపాయం తగిలిస్తే తనే వణికిస్తుంది. కాకపోతే దానికి కంటి పాపా తెలియదు, పొట్ట ముడతా తెలియదు, అన్నిటినీ ఒకే కొలతతో వణికిస్తుంది. కళ్లకూ మణికట్లకూ దాన్ని తగ్గించుకునే ఓపికుంటే పనికొస్తుంది. అమెరికాలో బాబ్ సబిస్టన్ రాసిన రోటోషాప్ అనే సాఫ్ట్‌వేర్ ఇంకో దారి పట్టింది. కొన్ని ఫ్రేముల్లో మనిషి గీస్తాడు, మధ్య ఫ్రేముల గీతలను అది నింపుతుంది. రిచర్డ్ లింక్‌లేటర్ 2001లో దాంతో 'వేకింగ్ లైఫ్' తీశాడు. ఒక్కో పాత్రను ఒక్కో చిత్రకారుడికి అప్పగించాడు, ముఖాలూ గోడలూ నీళ్లలో తేలుతున్నట్టుంటాయి. కథ కలల గురించి కాబట్టి అతికింది. అదే దర్శకుడు 2006లో 'ఎ స్కానర్ డార్క్‌లీ' తీసినప్పుడు సినిమా అంతా ఒకే చేత్తో గీసినట్టుండాలని పట్టుబట్టాడు. ఒకే పనిముట్టు, రెండు మరుగులు. ఎంత మరగాలో తేల్చేది కథే.

నాలుగు సెకన్లు పూర్తయ్యాక ఫోన్ పట్టుకుని కొట్టుకు వెళ్లాను. బాబాయ్ మసిగుడ్డతో చెయ్యి తుడుచుకుని, ఫోన్ దూరంగా పట్టుకుని రెండుసార్లు చూశాడు. టీ పడటం చూసి నవ్వాడు. మూడోసారి చూసి అడిగాడు, "బానే ఉందిరా, నా చొక్కా జేబేదీ? డబ్బులెక్కడ పెట్టుకోవాలి?"

జేబు పట్టికలో లేదు. ఇప్పుడు పెట్టాలంటే 40 బొమ్మల్లోనూ పెట్టాలి.